రెండు వందల మెయిళ్లు, ఆ తర్వాత పదకొండు

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలకు హెల్ప్ పేజీలు రాస్తాను. ఏ బటన్ ఎక్కడుందో, ఏ సెట్టింగ్ మారిస్తే ఏమవుతుందో కొత్తగా చేరినవాళ్లకు చెప్పే పేజీలు. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టినప్పుడు పని చేయడం వచ్చు కానీ పని ఇచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. తెలిసినవాళ్లను అడిగాను. "చూస్తాంలే" అన్నారు, నిజంగానే చూస్తూ ఊరుకున్నారు. ఇక మిగిలింది ముక్కూ మొహం తెలియనివాళ్లకు రాసి పని అడగడమే. కోల్డ్ మెయిల్ అనేది దాన్నే.

మొదటి నెలలో రెండు వందల మందికి పంపాను. అందరికీ ఒకటే మెయిల్. పైన మనిషి పేరు, మధ్యలో కంపెనీ పేరు మాత్రం మారతాయి. మూడు జవాబులు వచ్చాయి. మొదటిది "ప్రస్తుతానికి అవసరం లేదు". రెండోది "మీ లిస్టులోంచి నన్ను తీసేయండి". మూడోది చూసి కాసేపు ఆశ పుట్టింది. తెరిచి చూస్తే ఒక్క వాక్యమే ఉంది: "మీరు రాసిన పేరు మా కంపెనీది కాదు." పేర్లన్నీ పెట్టుకున్న షీట్‌లో ఒక వరుస జరిగిపోయింది. ఎంతమందికి అలా పక్కింటి పేరుతో పిలుపు వెళ్లిందో లెక్కపెట్టడానికి కూడా ధైర్యం చాల్లేదు.

అప్పుడు నాకు దొరికిన సలహాలన్నీ ఒకే దారిలో ఉన్నాయి. సబ్జెక్ట్ లైన్ మార్చు, మెయిల్ ఇంకా చిన్నది చెయ్యి, రెండు వందలు కాదు రెండు వేలు పంపు. చివరి సలహా ఇచ్చేవాళ్లు దీన్ని అంకెల ఆట అంటారు. అమ్మకాలకు ఓ బృందం ఉండి, అందరికీ పనికొచ్చే ఒకే సరుకు అమ్మేవాళ్లకు అది నిజం కావచ్చు. నాలాంటి ఒంటి మనిషికి ఒకే సమయంలో ముగ్గురు క్లయింట్లుంటే చేతినిండా పని. ముగ్గురి కోసం రెండు వేలమందిని విసిగించడం లెక్కలోనే తప్పు.

పైగా విసిగించినదానికి ఖర్చుంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, తన ఖాతాలకు మెయిల్ పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని నియమం పెట్టింది. అంటే వెయ్యికి ముగ్గురు. రోజుకు కొద్దిమందికే పంపే మనకూ అది వర్తిస్తుంది. అందులోంచి ఒకటి అర్థమవుతుంది: జీమెయిల్‌వాళ్లు ఎంత తక్కువ ఫిర్యాదులనే ఎక్కువగా చూస్తారో. రోజుకు ఇరవై పంపే కొత్త డొమైన్ మీద ఇద్దరు ముగ్గురు "స్పామ్" నొక్కినా, తర్వాత మనం నిజంగా శ్రద్ధగా రాసిన మెయిల్ కూడా చెత్తబుట్ట పక్కనే పడే ప్రమాదం ఉంది.

కాబట్టి నా వాదన ఇది. ఎలా రాయాలి అన్నది రెండో ప్రశ్న. ఎవరికి రాయాలి, ఈ వారమే ఎందుకు రాయాలి అన్నవి మొదటివి. వాటికి జవాబు దొరికితే మెయిల్ దానంతటదే చిన్నదవుతుంది. దొరక్కపోతే ఎంత చెక్కినా ఆ మెయిల్ ఎవరిదైనా కావచ్చు.

రెండో నెలలో ఏం చేశానో చెబుతాను. ముందు నలభై కంపెనీల పేర్లు రాసుకున్నాను. ఎక్కడ దొరికాయంటే, చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సైట్‌లో "కొత్తగా ఏం మార్చాం" అని ఒక పేజీ పెడతాయి. ప్రతి వెర్షన్‌లో వచ్చిన మార్పులు తేదీలతో సహా అందులో ఉంటాయి. నా పనికి అంతకంటే మంచి చోటు లేదు. స్క్రీన్లు మారాయంటే హెల్ప్ పేజీలు వెనకబడి ఉంటాయి. గడిచిన రెండు నెలల్లో పెద్ద మార్పు ఏదీ లేని కంపెనీలను కొట్టేశాను. నలభైలో ఇరవై నాలుగు మిగిలాయి.

తర్వాతి వడపోత: వాళ్ల ఇబ్బంది బయటినుంచి నాకు కనబడుతుందా? ట్రయల్ ఖాతా తెరవనిచ్చి, హెల్ప్ పేజీలు అందరికీ కనబడేలా ఉంచిన కంపెనీ అయితే నేనే కొత్త వాడకందారులా కూర్చుని చూడొచ్చు. డెమో అడిగితేనే లోపలికి రానిచ్చే కంపెనీ విషయంలో నా దగ్గర ఊహ తప్ప ఏమీ ఉండదు. "మీ పేజీలు పాతబడి ఉండొచ్చు" అని ఊహ మీద రాస్తే అది జాతకం చెప్పినట్టే ఉంటుంది.

మూడోది, ఆ ఇబ్బంది వల్ల రోజూ తలనొప్పి పడే మనిషి ఉన్నారా, వాళ్ల చేతిలో చిన్న ఖర్చుకైనా ఒప్పుకునే అధికారం ఉందా? ఇద్దరు ముగ్గురున్న కంపెనీలో వ్యవస్థాపకులే అన్నీ రాసుకుంటారు. బయటివాళ్లకు ఇవ్వాలని ఉన్నా డబ్బుండదు. మరీ పెద్ద కంపెనీలో దీనికోసమే ఒక విభాగం ఉంటుంది. అక్కడ ఎవరికైనా నచ్చినా, కొనుగోళ్ల విభాగం నన్ను తమ జాబితాలో చేర్చేసరికి నెలలు పడుతుంది. నాకు కుదిరేవి ఇరవై నుంచి అరవై మంది ఉన్నవి. అక్కడ కస్టమర్ సపోర్ట్ చూసే హెడ్ ఒకరుంటారు. పాత పేజీ వల్ల వచ్చే "ఆ బటన్ కనబడటం లేదండీ" అన్న ఫిర్యాదులు, అంటే టికెట్లన్నీ పడేది ఆ మనిషి నెత్తినే. సీఈఓకు ఆ టికెట్లు కనబడవు. అందుకే ఎంత పెద్ద కుర్చీ అయితే అంత మంచిది అన్న సలహా నాకు రుచించదు.

ఉద్యోగ ప్రకటనలు కూడా చూశాను. సపోర్ట్‌లో ఇద్దరిని తీసుకుంటున్నారంటే టికెట్లు పెరిగాయని, ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నారని అర్థం. అదే హెల్ప్ పేజీలు రాసేవాళ్ల కోసమే ప్రకటన ఉంటే సంగతి వేరు. వాళ్లు పూర్తికాలపు మనిషి కావాలని తేల్చేసుకున్నారు. అక్కడ నేను దూరితే ఉద్యోగానికి అప్లై చేసి ఉద్యోగం వద్దన్నట్టు ఉంటుంది. వదిలేశాను.

చివరికి మిగిలినవి పదకొండు. ఒక్కోదాని మీద దాదాపు ముప్పావు గంట కూర్చున్నాను. షీట్‌లో "నేను కళ్లారా చూసింది" అని ఒక గడి పెట్టుకున్నాను. ఆ గడిలో ఒక్క వాక్యం, అదీ ఆ కంపెనీకి తప్ప మరోదానికి సరిపోని వాక్యం రాయలేకపోతే మెయిల్ పంపకూడదని నియమం. ఇప్పటికీ ఆ నియమం మార్చలేదు.

చిరునామా దగ్గర చిన్న మాట. సపోర్ట్ అని మొదలయ్యే చిరునామాకు రాస్తే మన మెయిలూ ఒక టికెట్ అయి కూర్చుంటుంది. ఎవరి భారం తగ్గిస్తామని రాస్తున్నామో వాళ్లకే ఒకటి పెంచినట్టు. పేరు, చుక్క, ఇంటిపేరు కలిపి చిరునామా ఊహించి పంపే అలవాటూ మంచిది కాదు. అలా పంపినవి తిరిగొస్తుంటే మన డొమైన్‌కు చెడ్డపేరు వస్తుంది. సైట్‌లో చిరునామా దొరక్కపోతే లింక్డ్‌ఇన్‌లోనే రెండు ముక్కలు రాసేవాణ్ణి.

ఇక మెయిల్. అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఒకటి ఆ పదకొండులో ఉంది. సపోర్ట్ హెడ్‌కు నేను రాసింది ఇది:

సబ్జెక్ట్: క్యాలెండర్ కనెక్ట్ చేసే హెల్ప్ పేజీ, నాలుగో అడుగు

"నమస్కారమండీ. నిన్న మీ సాఫ్ట్‌వేర్‌లో ట్రయల్ ఖాతా తెరిచి, హెల్ప్ పేజీ చూసుకుంటూ క్యాలెండర్ కనెక్ట్ చేయబోయాను. నాలుగో అడుగులో Settings > Integrations నొక్కమని ఉంది. గత నెల వెర్షన్ తర్వాత అది Workspace > Connections కిందికి మారింది, అందుకని అక్కడ ఆగిపోయాను. వెర్షన్లు చకచకా వస్తుంటే పేజీలు వెనకబడటం మామూలే. ఇలాంటి పేజీలను కొత్త స్క్రీన్లకు తగ్గట్టు తిరగరాయడం నా పని. ఈ ఒక్క పేజీ సరిచేసి పంపమంటారా? వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, మళ్లీ రాయను."

అంతే. కింద నా పేరు, సైట్, పోస్టల్ చిరునామా. నేనెవరో, ఎన్నేళ్ల అనుభవమో, ఎవరెవరికి చేశానో ఇందులో లేవు. నాలుగో అడుగు దగ్గర ఆగిపోయానని చెప్పడంలోనే నాకు ఈ పని తెలుసని ఉంది. ఫైలు జత చెయ్యలేదు. అపరిచితుల నుంచి వచ్చిన ఫైలు తెరిచే ధైర్యం నాకే లేదు, వాళ్లకెందుకుండాలి?

"పేజీలు వెనకబడటం మామూలే" అన్న వాక్యం పొదుపు కోసం చూస్తే అనవసరం. అది మొహమాటం కొద్దీ రాసింది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. ఆ పదకొండులో నేను మొదట రాసిన కంపెనీకి ఏడు తప్పులు వరసగా పెట్టి పంపాను. గంటలోనే జవాబు: "ఆ పేజీలు రాసింది నేనే." ఆ తర్వాత మాటల్లేవు. నాకు తెలియని మనిషి కష్టపడి చేసిన పనికి నేను మార్కులు వేశాను. "మీ సైట్‌లో లోపాలున్నాయి" అని రోజూ వచ్చే మెయిళ్లలో నాదీ ఒకటైపోయింది. అప్పటినుంచి తప్పును మనిషి మీద కాక మార్పు మీద పెడతాను. నిజం కూడా అదే. ఆ పేజీ రాసిన రోజున అది సరైనదే. ఏడు చెప్పకుండా ఒకటే చెప్పడానికీ అదే కారణం. ఒకటి చెబితే గమనించినట్టు ఉంటుంది, ఏడు చెబితే తనిఖీకి వచ్చినట్టు ఉంటుంది.

అడిగిన విషయం కూడా చూడండి. "ఓ అరగంట మాట్లాడదామా" అని అడగలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు అరగంట అడిగితే, అందులో పాతిక నిమిషాలు సరుకు అమ్ముతారని అందరికీ తెలుసు. అవును, కాదు అని ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్న అడిగాను. ఊరికే చేసిపెడితే అలుసైపోమా అని స్నేహితుడు ఒకడు గట్టిగా వాదించాడు. వాడి మాటలో నిజముంది, అందుకే హద్దు పెట్టుకున్నాను: ఒక్క పేజీ, రెండు గంటలు, అదీ వాళ్లు పంపమంటేనే. రెండో పేజీ నుంచి డబ్బులు. "నమూనాగా ఇంకో నాలుగు చేసి చూపించండి" అన్న కంపెనీ ఒకటి తర్వాతెప్పుడో తగిలింది. కుదరదని చెప్పాను, వాళ్లు మళ్లీ రాయలేదు. నాకు బాధ కలగలేదు.

సబ్జెక్ట్ లైన్ ముందు "Re:" తగిలించి పాత సంభాషణలా భ్రమ పుట్టించే చిట్కా ఒకటి తిరుగుతోంది. అది మోసం. అమెరికాలో 2003లో వచ్చిన క్యాన్-స్పామ్ చట్టం మోసపు సబ్జెక్ట్ లైన్లను నిషేధించింది. పోస్టల్ చిరునామా ఉండాలని, వద్దన్నవాళ్లకు పది పనిదినాల్లోగా ఆపాలని కూడా చెబుతుంది. కంపెనీలకు రాసే వ్యాపార మెయిళ్లకూ అది వర్తిస్తుంది. యూరప్ నియమాలు ఇంకా గట్టివి, దేశాన్ని బట్టి మారతాయి కూడా. అవతలివాళ్లు ఏ దేశంలో ఉన్నారో చూసుకుని, అక్కడి నియమం చదివాకే రాయాలి. మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే సెట్టింగులు డొమైన్‌కు పెట్టి, వేరే వేరే మెయిల్ సర్వీసుల్లో ఉన్న మన సొంత ఖాతాలకే ముందు పంపి, ఇన్‌బాక్స్‌లో పడుతోందో లేదో చూసుకోవడం ఒక మధ్యాహ్నం పని.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే భాగం. జవాబు రాలేదు. మళ్లీ రాయాలా? రాస్తే నస అనుకుంటారా?

నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది ఏమిటంటే, ఫాలో-అప్ అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు వేర్వేరు పనులు. ఒకటి మౌనం తర్వాత రాసేది. రెండోది "వచ్చే నెల గుర్తుచేయండి" అన్నాక రాసేది. మొదటిదానికి మనకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు. రెండోదానికి అనుమతి మాత్రమే కాదు, రాస్తామన్న మాట కూడా ఇచ్చినట్టే. నేను మొదట్లో దీన్ని తలకిందులుగా చేసేవాణ్ణి. మౌనంగా ఉన్నవాళ్ల వెంట పడేవాణ్ణి. తర్వాత రమ్మన్నవాళ్లను మాత్రం "అడిగితే బాగుండదేమో" అని మొహమాటపడి వదిలేసేవాణ్ణి. గుర్తుచేయమన్నవాళ్లకు ఆ తేదీ ఉదయాన్నే వాళ్ల మాటనే తిరిగి రాస్తే చాలు: "ఈ వారం గుర్తుచేయమన్నారు, అందుకు రాస్తున్నాను." ఊళ్లో లేనని ఆటోమేటిక్ జవాబు వస్తే, వాళ్లు తిరిగొచ్చే తేదీకి మూడు రోజులు కలుపుకుని అప్పటినుంచి లెక్కపెడతాను. తిరిగొచ్చిన రోజు ఎవరి ఇన్‌బాక్స్ అయినా గుట్టలా ఉంటుంది.

మౌనంగా ఉన్నవాళ్లకు నా లెక్క: మొదటి మెయిల్ కాక మరో రెండు. మొదటిది నాలుగైదు పనిదినాల తర్వాత, రెండోది మరో రెండు వారాలకు. రెండూ అదే సంభాషణలోనే, పాత మెయిల్ కింద కనబడేలా. తర్వాత ఆపేస్తాను. మూడు నెలలకో ఆరు నెలలకో వాళ్ల దగ్గర నిజంగా కొత్త కారణం కనబడితే తప్ప మళ్లీ రాయను. ఐదూ ఆరూ పంపితేనే పని జరుగుతుందనేవాళ్లున్నారు. పని జరగొచ్చు. కానీ ఆరో మెయిల్‌కు లొంగి జవాబిచ్చిన మనిషితో బేరం ఎక్కడ మొదలవుతుందో ఆలోచించండి.

రోజుల లెక్క కంటే ముఖ్యం, రెండో మెయిల్‌లో కొత్త విషయం ఉండటం. "నా మెయిల్ చూశారా అని అడుగుదామని" అన్న మెయిల్‌లో విషయం ఏమీ లేదు, వాళ్ల మీద చిన్న నింద మాత్రం ఉంది. ఇంకా ఘోరం, "మీరు మూడుసార్లు తెరిచినట్టు కనబడుతోంది" అనడం. చాటుగా చూస్తున్నామని మనమే ఒప్పుకున్నట్టు. అది నిజం కూడా కాకపోవచ్చు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన ప్రైవసీ ఏర్పాటు వల్ల, దాన్ని ఎంచుకున్నవాళ్లకు వచ్చిన మెయిల్‌లోని బొమ్మలు మనిషి చూసినా చూడకపోయినా ముందే లోడవుతాయి. మెయిల్‌లో దాచిన బొమ్మ లోడైతే తెరిచారని లెక్కవేసే మన ట్రాకర్ చెప్పిందాన్ని నమ్మడానికి లేదు. నేను ట్రాకింగ్ పూర్తిగా తీసేశాను. నిద్ర కూడా బాగా పడుతోంది.

ఆ అపాయింట్‌మెంట్ల కంపెనీ నుంచి మొదటి మెయిల్‌కు జవాబు రాలేదు. ఐదో పనిదినాన ఇలా రాశాను: "ఆ క్యాలెండర్ పేజీ గురించే. రిమైండర్ల పేజీలో కూడా పాత మెనూ పేరే ఉంది. మిగతా ఆరు ముఖ్యమైన పేజీలు చూశాను, అవి సరిగ్గానే ఉన్నాయి. కాబట్టి నాకు కనబడినంతవరకు పని రెండు పేజీలదే." పంపే ముందు చివరి రెండు వాక్యాలు తీసేద్దామా అని చాలాసేపు ఆగాను. నా బేరాన్ని నేనే తగ్గించుకుంటున్నట్టు అనిపించింది. కానీ చూసింది అదే కదా అని ఉంచేశాను.

ఆ సాయంత్రమే ఆవిడ జవాబిచ్చారు. "రెండు పేజీలతోనే అయిపోతుందనుకోకండి. అడ్మిన్ పేజీలు ట్రయల్ ఖాతాలో కనబడవు. మాకు వచ్చే టికెట్లలో ఎక్కువ వాటివే." బయటినుంచి నేను ఎంత చూసినా తెలియని సంగతి అది. నేను తక్కువ చెప్పబట్టే ఆవిడ సరిదిద్దారు. మరుసటి రోజు క్యాలెండర్ పేజీ తిరగరాసి పంపాను. అక్కడినుంచి మాట అడ్మిన్ పేజీల మీదికి వెళ్లింది. మొదట ఐదు పేజీలు, నిర్ణయించిన ధరకు, మూడు వారాల్లో. అవి నచ్చాక ప్రతి కొత్త వెర్షన్‌కూ మారిన పేజీలు చూసిపెట్టే ఒప్పందం.

మిగతా పదింటి సంగతి: ఇద్దరు మర్యాదగా వద్దన్నారు, వాళ్లకు ఒక్క వాక్యంలో థాంక్స్ చెప్పి షీట్‌లో ఆ వరుస మూసేశాను. ఒకాయన రెండు నెలలాగి గుర్తుచేయమన్నారు. "ఆ పేజీలు రాసింది నేనే" అన్నవారు ఉండనే ఉన్నారు. మిగిలిన ఆరుగురు మూడు మెయిళ్లకూ పలకలేదు. పదకొండు మెయిళ్ల లెక్క చూపించి ఇంత శాతం జవాబులొస్తాయని ఎవరికీ చెప్పలేను. నా పని బయటినుంచి కనబడే రకం కావడం కూడా అదృష్టమే. కంపెనీ లోపలి లెక్కలు చూసిపెట్టేవాళ్లకు ట్రయల్ ఖాతా లాంటి కిటికీ ఉండదు. వాళ్లు ఉద్యోగ ప్రకటనల్లాంటి పరోక్ష ఆనవాళ్ల మీదే ఎక్కువ ఆధారపడాలి. వాళ్ల మొదటి వాక్యం నాదంత గట్టిగా ఉండదు.

పలకని ఆరుగురిలో ఒకరు ఐదు నెలల తర్వాత రాశారు. కొత్త వెర్షన్ వస్తోందట, "ఇన్‌వాయిస్ పేజీ" అని తన మెయిల్‌లో వెతుక్కుంటే నా పాత సబ్జెక్ట్ లైన్ పైకొచ్చిందట. "అప్పుడు చెప్పిన ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది, ఖాళీగా ఉన్నారా?" అని అడిగారు. ఆ వారం ఖాళీ లేదు. తర్వాతి సోమవారం మొదలుపెట్టాను.